రాత్రి టాక్సీ నడిపేవాళ్ళు దారిలో ఏం తినాలి, నీళ్ళు ఎప్పుడు తాగాలి

మా మెడికల్ షాపు నెల్లూరులో హైవేకి దగ్గర. రాత్రి తొమ్మిది దాటాక వచ్చేవాళ్ళలో డ్రైవర్లే ఎక్కువ. వాళ్ళు అడిగేవి మూడు: గ్యాస్ బిళ్ళ, తలనొప్పి బిళ్ళ, నిద్ర రాకుండా ఉండేదేదైనా. మూడోది నేను ఇవ్వను. మొదటి రెండూ వారం వారం కొనే మనిషి ఒకడున్నాడు, మా బాబాయి కొడుకు. వయసు ముప్పై ఎనిమిది. ఆరేళ్ళుగా రాత్రి పూటే టాక్సీ. ఎక్కువగా చెన్నై ఎయిర్‌పోర్టు ట్రిప్పులు, అప్పుడప్పుడూ ఒంగోలు, కనిగిరి వైపు.

పోయిన వేసవిలో ఒకరోజు పొద్దున్నే వచ్చి కౌంటరు ముందు నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అన్నా, సూళ్ళూరుపేట దాటింది గుర్తుంది. నాయుడుపేట ఎప్పుడొచ్చిందో గుర్తులేదు. వెనక ప్యాసింజరు నిద్రపోతా ఉండాడు కాబట్టి సరిపోయింది."

ఆ రోజు నుంచి మేమిద్దరం కలిసి ఒక్కో అలవాటునీ మార్చుకుంటూ పోయాం. ఏది పనిచేసిందో, ఏది బెడిసికొట్టిందో, మీరు రాత్రి డ్యూటీ చేసేవాళ్ళయితే ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను.

ముందు ఒక్క రాత్రి లెక్క రాసుకోండి

ఏదీ మార్చకముందు, మామూలుగా ఎలా తింటారో అలాగే ఒక రాత్రి తినండి. కాకపోతే ప్రతిదీ టైముతో సహా ఫోన్లో రాసుకోండి. నోటితో చెప్పమంటే ఎవరూ నిజం చెప్పరు. మావాడు "నేనేం తింటానన్నా, రెండు టీలు" అన్నాడు. రాసుకొచ్చిన చీటీ ఇలా ఉంది.

రాత్రి 9.15కి బయలుదేరే ముందు ఒక టీ, నాలుగు మిరపకాయ బజ్జీలు. ఇంట్లో అన్నం తినలేదు, దారిలో తినొచ్చులే అని. 10.20కి గూడూరు దగ్గర టీ, బిస్కెట్లు. 11.30కి దాబాలో మూడు పరోటాలు, చికెన్ గ్రేవీ, వెంటనే ఒక కూల్‌డ్రింకు. ఒంటిగంటకు ఎయిర్‌పోర్టులో దింపి టీ. రెండున్నర పికప్పుకి ముందు ఇంకో టీ, సమోసా. నాలుగింటికి తడ దగ్గర టీ. నాలుగున్నరకు, అంటే నిద్ర ముంచుకొచ్చిన చోట, ముఖం కడుక్కుని ఇంకో టీ. ఇంటికొచ్చేముందు నెల్లూరులో ఆఖరి టీ. మొత్తం ఏడు టీలు. నీళ్ళు ఎన్ని తాగాడో చూస్తే పరోటా తిన్నప్పుడు ఒక గ్లాసు, టీ ముందు రెండు మూడు గుక్కలు. రాత్రంతా కలిపి అర లీటరు కూడా లేదు.

మీ చీటీలో మూడు చూడండి: పెద్ద భోజనం ఏ టైముకి పడింది, చక్కెర ఎంత, నీళ్ళెన్ని. బంకు చాయ్‌లో తక్కువ లెక్క వేసినా ఒక్కోదానిలో 8 గ్రాముల చక్కెర ఉంటుంది. ఏడింటికి 56 గ్రాములు. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో ఇంకో 26 దాకా. మొత్తం 80 దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి 50 గ్రాములు దాటొద్దని, 25 లోపు ఉంటే ఇంకా మంచిదని చెబుతోంది. మావాడు ఒక్క రాత్రిలోనే దాన్ని దాటేసి, పగలు ఇంట్లో కాఫీ వేరే తాగుతున్నాడు.

నిద్ర తెల్లవారుజామునే ఎందుకు ముంచుకొస్తుందంటే, రెండు నుంచి ఐదు మధ్య మన ఒళ్ళు ఎటూ అడుగంటి ఉంటుంది. అది తిండితో పోయేది కాదు. రాత్రిపూట ఒంట్లో ఇన్సులిన్ పని కూడా మందగిస్తుంది, అందుకే పగలు తట్టుకునే తీపి, మైదా రాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది, ఎక్కువ సేపు ఉంటుంది. నూనె పదార్థం పొట్టలోంచి త్వరగా కదలదు. మావాడు ఎటూ కష్టమైన ఆ మూడు గంటల మీద పరోటా బరువు, దాహం, టీ మీద టీ పేర్చుకున్నాడు. మనం తీయగలిగేది ఆ పైన పేర్చినవాటినే.

మొదటి వారం: నీళ్ళు మాత్రమే

అన్నీ ఒకేసారి మార్చొద్దు. మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, నాలుగో రోజుకి అన్నీ వదిలేస్తారు. నీళ్ళతో మొదలుపెట్టండి.

డ్రైవర్లు నీళ్ళు ఎందుకు తాగరో మనందరికీ తెలుసు. ప్యాసింజరు ఉంటే మాటిమాటికీ ఆపలేం. అందుకే మావాడు మొదటి రాత్రి ఒక తెలివి చూపించాడు. బయలుదేరేముందే లీటరు నీళ్ళు గడగడా తాగేశాడు. గూడూరు లోపల రెండుసార్లు, నాయుడుపేటలో ఇంకోసారి ఆపాల్సి వచ్చింది. ప్యాసింజరు విసుక్కున్నాడు. మర్నాడు "నీ నీళ్ళ వైద్యం వద్దన్నా" అని నాకే చెప్పాడు. ఒకేసారి పోస్తే ఒళ్ళు దాన్ని నిలుపుకోదు, బయటికి పంపేస్తుంది. కొంచెం కొంచెంగా తాగితే నిలుస్తుంది.

పద్ధతి ఇది. బండి ఎక్కడానికి గంట ముందు రెండు గ్లాసులు, అంటే 400 మిల్లీలీటర్లు తాగండి. ఎక్కే ముందు బాత్రూముకి వెళ్ళిరండి. ఆ తర్వాత గంటకు 200 మిల్లీలీటర్లు, నాలుగైదు గుక్కలు ఒకసారి చొప్పున. తెల్లవారుజాము మూడున్నర దాటాక గొంతు తడుపుకోవడానికి మాత్రమే. ఇంటికి చేరాక ఒక గ్లాసు. ఇలా తాగితే రాత్రికి రెండు లీటర్లకు కొంచెం తక్కువ అవుతుంది. చివర్లో తగ్గించడం ఎందుకంటే, పొద్దున పడుకున్నాక మూత్రానికి లేస్తే ఆ నిద్ర మళ్ళీ పట్టదు. రాత్రి డ్యూటీవాడికి పగటి నిద్ర ఎటూ పలచన.

గంటకు ఎంత తాగారో గుర్తుంచుకోవడం కష్టం. దానికి మా దగ్గర మందుల పొట్లాలకి వేసే రబ్బరు బ్యాండ్లు పనికొచ్చాయి. లీటరు స్టీలు సీసా మూతి దగ్గర ఐదు బ్యాండ్లు వేసుకోవాలి. ఐదో వంతు తాగినప్పుడల్లా ఒకటి తీసి గేరు రాడ్డుకి తగిలించాలి. గంట గడిచినా గేరు రాడ్డు మీద కొత్త బ్యాండు పడలేదంటే తాగలేదని అర్థం. సీసా తీయడం, తాగడం బండి ఆగినప్పుడే. టోల్‌గేటు దగ్గర లైను ఉంటే అదే మంచి సమయం.

గంటకు 200 అనేది నేను గాలిలోంచి తెచ్చిన అంకె కాదు. 2015లో ఇంగ్లండులోని లఫ్‌బరో యూనివర్సిటీ వాళ్ళు కొద్దిమందిని రెండు గంటలపాటు సిమ్యులేటర్ మీద బండి నడిపించి చూశారు. ఒకసారి గంటకు 200 మిల్లీలీటర్లు ఇచ్చారు. ఇంకోసారి ముందురోజు నుంచే నీళ్ళు తగ్గించి గంటకు 25 మాత్రమే ఇచ్చారు. రెండోసారి గీత దాటడం, బ్రేకు ఆలస్యంగా వేయడం లాంటి తప్పులు రెట్టింపు దాటాయి. చిన్న పరీక్షే. కానీ దాహంతో నడిపినవాళ్ళు తాము తేడాగా నడుపుతున్నామని పెద్దగా గుర్తించకపోవచ్చు, అదే నన్ను భయపెట్టింది.

సరిపోయిందో లేదో మూత్రం రంగు చెబుతుంది. పెట్రోలు బంకులో ఆగినప్పుడు చూసుకోండి. ఎండుగడ్డి నీళ్ళలా లేత పసుపుగా ఉంటే చాలు. ఆవనూనె రంగులో ఉంటే తక్కువైంది. మరీ తెల్లగా ఉండి గంటకోసారి వస్తుంటే ఎక్కువ తాగుతున్నారు, తగ్గించండి. బి-కాంప్లెక్స్ బిళ్ళలు మింగేవాళ్ళు ఈ రంగుని నమ్మొద్దు, ఎన్ని నీళ్ళు తాగినా ముదురు పసుపుగానే వస్తుంది. ఇంకొకటి: గుక్క గుక్కకీ తాగుతున్నా నోరు ఆరిపోతూ, రాత్రికి ఆరేడుసార్లు ఆపాల్సి వస్తుంటే అది నీళ్ళ సంగతి కాదు, షుగర్ పరీక్ష చేయించుకోండి. గుండె, కిడ్నీ జబ్బుతో నీళ్ళు కొలిచి తాగమని డాక్టరు చెప్పినవాళ్ళకి నా లెక్క వర్తించదు.

నీళ్ళు ఇంటి నుంచే తీసుకెళ్ళండి. ఒంగోలుకి పడమటి వైపు, ముఖ్యంగా కనిగిరి ప్రాంతంలో, బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువని అక్కడివాళ్ళందరికీ తెలుసు. కాచినా అది పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆ దారిలో వెళ్తే రెండు సీసాలు పెట్టుకోండి. కొనాల్సి వస్తే మూత సీలు, సీసా మీద ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. దాబా బల్ల మీద జగ్గులో ఉన్నవి వద్దు.

ఎండాకాలం, అందులోనూ రోహిణి కార్తెలో, మా ఊళ్ళో అర్ధరాత్రి కూడా చొక్కా తడుస్తుంది. ఏసీ లేని బండి అయితే గంటకు ఇంకో వంద మిల్లీలీటర్లు పెంచండి, ఒక పూట ఉప్పు వేసిన పలచని మజ్జిగ తాగండి. బీపీ ఉంటే ఉప్పు లేకుండా. ఓఆర్ఎస్ పొట్లాలు కూల్‌డ్రింకులా రోజూ తాగేవాళ్ళు వస్తుంటారు మా షాపుకి. అది విరేచనాలకి, బాగా చెమట పట్టి నీరసించినప్పటికి. ఉత్తప్పుడు అక్కర్లేదు.

రెండో వారం: పరోటాని ఇంటి అన్నంతో మార్చుకోండి

ఇది వినడానికి తేలిక, చేయడానికి కష్టం. మావాడికి ఎనిమిదింటికి ఆకలి ఉండదు, ఎందుకంటే మధ్యాహ్నం మూడింటికి అన్నం తింటాడు. దాన్ని తగ్గించమన్నాను. అప్పుడు రెండు దోశలో, ఒక గిన్నె రాగి సంగటో తిని ఆపితే రాత్రి ఎనిమిదికి ఆకలి దానంతటదే వచ్చింది. ఆ పూట కడుపునిండా అన్నం, పప్పు, కూర, చేపో గుడ్డో, చివర పెరుగు. రోజులో పెద్ద భోజనం ఇదే కావాలి. బయలుదేరేటప్పటికి గంట గడిచి ఉండాలి.

రాత్రి పదకొండున్నర, పన్నెండుకి సగం కడుపు మాత్రమే. దాబా మానేయనక్కర్లేదు, అక్కడ ఆర్డరు మార్చితే చాలు. రెండు పుల్కాలు, పప్పు. లేదా ఎగ్ బుర్జీ, నూనె తక్కువ వేయమని. టిఫిన్ బండి దొరికితే మూడు ఇడ్లీలు, రెండు ఉడికించిన గుడ్లు. ఇడ్లీ ఒక్కటే తింటే గంటన్నరకే కడుపు ఖాళీ అయినట్టుంటుంది, గుడ్డు తోడుంటే నిలుస్తుంది. గుడ్డు తిననివాళ్ళు పల్లీ చట్నీ ఇంకో గరిటె అడగండి.

ఇంటి నుంచి గుడ్లు తీసుకెళ్తే పెంకుతోనే పెట్టుకోండి, ఎండాకాలంలో గంటలోపే తినేయండి. మావాడి భార్య ప్రేమగా ఒలిచి, కారం అద్ది డబ్బాలో పెట్టింది. అర్ధరాత్రి దాకా అవి వేడి బండిలో ఉన్నాయి. ఆ రాత్రి తడ బంకులో అరగంట గడిపాడు, అంతకంటే వివరం అక్కర్లేదు. గుగ్గిళ్ళు కూడా అంతే, తడిగా ఉన్నవి జిగురు పట్టి వాసన వస్తాయి.

తెల్లవారుజాము మూడున్నరకు, నిద్ర రాకముందే, ఒక చిన్న చిరుతిండి. ఒక గుప్పెడు, అంటే 30 గ్రాములు, వేయించిన శనగలు గానీ చెనిక్కాయలు గానీ. తోడుగా జామకాయ, లేకపోతే అరటిపండు. ఇవి పాడవవు, చేతికి నూనె అంటదు, నమలడానికి టైము పడుతుంది. నమిలేపని కూడా కొంచెం మెలకువ ఇస్తుందని మావాడంటాడు. అయితే బండి నడుపుతూ నోట్లో వేసుకోవద్దు, చెనిక్కాయ గొంతుకడ్డం పడితే ఏమవుతుందో ఆలోచించండి. ఒంగోలు వైపు వెళ్ళేటప్పుడు ఉలవపాడు దగ్గర సీజన్‌లో రోడ్డు పక్క మామిడి, సపోటా చూస్తే చేయి ఆగదు. ఒకటి తినండి. కవరు మొత్తం సీటు పక్కన పెట్టుకోకండి.

షుగర్‌కి ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి బిళ్ళలు గానీ వాడేవాళ్ళు భోజనం టైము సొంతంగా జరపొద్దు. మందు టైము కూడా దానితోపాటు జరగాలి, అది డాక్టరు చెప్పాల్సిన పని. బండిలో చక్కెరో గ్లూకోజు పొడో ఉంచుకోండి. ఉన్నట్టుండి చెమటలు, చేతుల వణుకు, విపరీతమైన ఆకలి వస్తే బండి పక్కకి ఆపి ముందు అది నోట్లో వేసుకోండి.

మూడో వారం: టీకి ఒక ఆఖరి టైము పెట్టండి

టీ మానేయమని నేను చెప్పలేదు. చెప్పినా వినడు. ఏడింటిని మూడు చేశాం, చక్కెర సగం వేయమన్నాం. మొదటిది తొమ్మిదికి, రెండోది పదకొండున్నరకు భోజనం అయ్యాక, ఆఖరిది రెండింటికి ఎయిర్‌పోర్టులో. అంతే. కెఫీన్ ఒంట్లో సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఐదున్నరకి టీ తాగి ఏడింటికి పడుకుంటే అది ఇంకా లోపల పనిచేస్తూనే ఉంటుంది. నిద్ర పట్టక దొర్లి, ఆ నిద్ర లోటుకి మర్నాడు ఇంకో టీ.

ఆఖరిది మాత్రం టీ బదులు కాఫీ తాగండి, డికాషన్ కాస్త ఎక్కువ వేయమని. చిన్న గ్లాసు టీలో కెఫీన్ తక్కువ. కాఫీ తాగిన వెంటనే సీటు వాల్చి, ఫోన్లో 20 నిమిషాలకు అలారం పెట్టుకుని కళ్ళు మూసుకోండి. కెఫీన్ ఎక్కడానికి అరగంట దాకా పడుతుంది కాబట్టి కునుకు, కాఫీ రెండూ ఒకేసారి చేతికొస్తాయి. నిద్ర పట్టకపోయినా సరే, కళ్ళు మూసుకోండి. అరగంట దాటి పడుకుంటే లేచాక తల దిమ్ముగా ఉంటుంది, పది నిమిషాలు నడిచాకే స్టీరింగు పట్టండి. ఇంజన్ ఆపి, అద్దం రెండు వేళ్ళంత దించి పడుకోండి. ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో పెట్టి, అద్దాలన్నీ బిగించి పడుకుంటే పొగలోని విషవాయువు లోపలికి చేరవచ్చు.

టీ తగ్గించిన మొదటి మూడు రోజులూ మావాడికి తలనొప్పి వచ్చింది. బిళ్ళ అడిగాడు. ఒకేసారి ఏడు నుంచి మూడుకి దిగాడు కాబట్టే అది. మీరు రెండు రోజులకి ఒక టీ చొప్పున తగ్గించండి.

ఏం మారింది, ఏం మారలేదు

నాలుగో వారం మళ్ళీ చీటీ రాయించాను. సూళ్ళూరుపేట నుంచి నాయుడుపేట దాకా ఒక్కో ఊరూ గుర్తుంది. ఆవలింతలు ఉన్నాయి, తల వాలడం లేదు. పొద్దున ఏడింటికి పడుకుంటే పన్నెండున్నర దాకా మెలకువ రాలేదు, ఇదివరకు పదింటికే లేచేవాడు. గ్యాస్ బిళ్ళ నెలలో రెండే కొన్నాడు. నాకు వ్యాపారం తగ్గింది. బరువు మాత్రం తగ్గలేదు, పొట్ట అలాగే ఉంది. దాని కోసం ఇదంతా చేయలేదు కూడా.

పెళ్ళిళ్ళ సీజన్‌లో పగలు ట్రిప్పులు కూడా ఒప్పుకుని రెండు రోజులు నాలుగేసి గంటలే పడుకున్నాడు. ఆ రాత్రి నీళ్ళు తాగాడు, శనగలు తిన్నాడు, కాఫీ తాగి కునుకు తీశాడు. అయినా మనుబోలు దగ్గర చక్రం గీత మీదికి వెళ్ళింది. బుద్ధిగా ఆపి పడుకున్నాడు. నిద్ర బాకీని తిండి తీర్చదు. ఇప్పుడే దాటిన బోర్డు మీద ఏం రాసుందో గుర్తు రాకపోతే, చక్రం గీత తొక్కితే, ముఖం కడుక్కోవడం, అద్దం దించడం లాంటివి పనికిరావు. వెలుతురున్న బంకులోకి తిప్పేయండి. నాలుగు వారాలు ఇవన్నీ చేసి, ఏడు గంటలు పడుకుని కూడా అలాగే తూగుతుంటే, పైగా మీ గురక గురించి ఇంట్లోవాళ్ళు గొడవ చేస్తుంటే, అది నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కావచ్చు. చెవి ముక్కు గొంతు డాక్టరుకి గానీ, ఊపిరితిత్తుల డాక్టరుకి గానీ చూపించుకోండి.

నిన్న రాత్రి తొమ్మిదికి షాపు ముందు బండి ఆపాడు. గ్యాస్ బిళ్ళకేమోనని డ్రాయరు తీశాను.

"అది కాదన్నా. రబ్బరు బ్యాండ్లు నాలుగు ఉంటే ఇయ్యి. గేరు రాడ్డు మీదవన్నీ మా పాప జడకి పెట్టుకుని స్కూలుకి పోయింది."